పక్క నుంచి తీసిన ఫోటో



నేను హనుమకొండలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు నడుపుతాను. ఒకప్పుడు ఫోను పాడైతే జనం దాన్ని పట్టుకుని నేరుగా షాపుకొచ్చేవాళ్లు. ఇప్పుడు ముందు వాట్సాప్‌లో ఫోటో వస్తుంది, ఫోను ఆ తర్వాత ఎప్పటికో వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. పగిలిన స్క్రీను బొమ్మ పంపి, దాని కింద అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఇట్లయింది. ఇంకొన్ని రోజులు వాడొచ్చా?"

ఈ ప్రశ్నకి ఫోటో చూసి ఎంతవరకు జవాబు చెప్పొచ్చో ఇవాళ మాట్లాడుకుందాం. నా లెక్క ముందే చెప్పేస్తాను. ఆపద గుర్తు ఫోటోలో కనబడితే, ఆ ఫోను పక్కన పెట్టెయ్యమని గట్టిగా చెప్పొచ్చు. గుర్తేమీ కనబడలేదు కాబట్టి నిశ్చింతగా వాడుకోమని మాత్రం ఫోటో చూసి ఎవరూ చెప్పకూడదు. నేనైతే చెప్పను.

పోయిన వేసవిలో వచ్చిన ఒక ఫోటో సంగతి వివరంగా చెబుతాను. పంపినతను దుబాయ్‌లో పనిచేస్తాడు. ఫోను వాళ్లమ్మది, ఆమె ఉండేది జగిత్యాల వైపు ఒక పల్లెలో. పక్కింటి అమ్మాయి ఫోటో తీసి అతనికి పంపితే, అతను నాకు పంపాడు. స్క్రీనుకి ఎదురుగా నిలబడి తీసిన ఫోటో. ఎడమ అంచు మధ్యలో మొదలై, కొంచెం వంపు తిరిగి, కింది అంచు దాకా పోయిన ఒకే ఒక్క గీత. బొమ్మ చక్కగా వస్తోంది, రంగులు బాగున్నాయి. "ఫోను కింద పడనే లేదంటుంది అమ్మ. రాత్రి బాగుందట, పొద్దున చూస్తే పగిలి ఉందట. తిడతానని అబద్ధం చెప్తున్నట్టుంది" అని నవ్వాడు.

ఆమె నిజమే చెబుతోందని నాకు ఆ గీత చూస్తేనే అనిపించింది. కింద పడి పగిలిన గాజుకి దెబ్బ తగిలిన చోటు ఒకటి మామూలుగా కనబడుతుంది. ఎక్కువగా అది ఏదో ఒక మూల. అక్కడ గాజు నలిగి పొడిపొడిగా ఉంటుంది, గీతలన్నీ అక్కణ్ణించే బయల్దేరి నాలుగు వైపులకీ పోతాయి. ఫ్రేము మీద కూడా చిన్న సొట్ట ఉంటుంది. ఈ ఫోటోలో సొట్టా లేదు, పొడీ లేదు. ఉన్నదల్లా ఒంటరి గీత.

ఫోను గాజుని తయారుచేసేటప్పుడు కరిగిన పొటాషియం ఉప్పులో నానబెడతారు. గాజు పైపొరలోంచి సోడియం బయటికి పోయి, దానికంటే పెద్దదైన పొటాషియం ఆ చోట్లో ఇరుక్కుంటుంది. దాంతో పైపొర బాగా ఒత్తుకుని గట్టిపడుతుంది. పై నుంచి గీతలు పడినా, వేలితో నొక్కినా ఆ గాజు ఓర్చుకునేది అందుకే. అదే గాజుని వెనక నుంచి ఏదైనా తోస్తూ ఉంటే, అది బయటివైపు వంగుతుంది, పైపొర సాగడం మొదలవుతుంది. సాగదీతకి గాజు ఓర్చుకోలేదు. అంచున ఎక్కడో కంటికి కనబడని చిన్న గాటు ఉంటే చాలు, అక్కణ్ణించి ఒక్క గీత పరుగెత్తుతుంది. మరి ఫోను లోపల్నుంచి గాజుని తోసే వస్తువు ఒకటే ఉంది, బ్యాటరీ.

అందుకని ఇంకో రెండు ఫోటోలు అడిగాను. మొదట పౌచ్ తీయమన్నాను. పౌచ్ అంటే మనం వెనక తొడిగే రబ్బరు కవరు. ఎప్పుడూ సులువుగా వచ్చే పౌచ్ ఇప్పుడు బిగుసుకుపోయి రాకపోతే, దాన్ని బలంగా లాగొద్దు. అలా బిగుసుకుపోవడం కూడా ఒక గుర్తే. తర్వాత ఫోనుని చదునైన బల్ల మీద పెట్టి, కళ్లని బల్ల మట్టానికి దించి, పొడుగు అంచు పూర్తిగా కనబడేలా పక్క నుంచి తీయాలి. మరీ దగ్గరికి పోకూడదు. దగ్గరగా తీస్తే కెమెరాకి దగ్గరున్న భాగం పెద్దదై, బాగున్న ఫోను కూడా ఉబ్బినట్టే అగుపిస్తుంది. రెండు మూడడుగులు వెనక్కి జరిగి జూమ్ చేస్తే అసలు ఆకారం వస్తుంది. ఫోను వెనకాల కిటికీ గానీ దీపం గానీ ఉండాలి. గాజుకీ ఫ్రేముకీ మధ్య సందుంటే వెలుతురు గీతలా బయటపడుతుంది. రెండో ఫోటోకి స్కూలు పిల్లల స్కేలు ఒకటి చాలు. ఫోను వెనకవైపు పొడుగునా దాన్ని ఊరికే ఆనించాలి, అదమకూడదు. కెమెరా ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి స్కేలుని దాని పక్కగా పెట్టాలి. అడ్డంగా పెట్టొద్దు, చాలా ఫోన్లకి వెనక డొప్ప అంచులు కంపెనీలోనే వంపుగా చేస్తారు.

ఈ మాటలు వింటున్నప్పుడు మీ ఫోను చేతికందేలా ఉంటే ఒకసారి పక్కకి తిప్పి చూడండి. నేను చెప్పేది సులువుగా అర్థమవుతుంది.

ఆ అమ్మాయి తెలివైంది, రెండూ చక్కగా తీసింది. పక్క నుంచి తీసినదాంట్లో ఎడమవైపు అంచు మధ్యలో గాజు ఫ్రేము నుంచి లేచి ఉంది. పైమూల, కిందిమూల మాత్రం అతుక్కునే ఉన్నాయి. లేచిన చోట సన్నటి వెలుతురు. స్కేలు పెట్టిన ఫోటోలో వెనక డొప్ప నడుమ భాగం స్కేలుని తాకుతోంది, రెండు చివర్లా ఖాళీ ఉంది. బాగున్న ఫోనైతే స్కేలు మొదట్నుంచి చివరిదాకా ఒకేలా ఆనుతుంది.

ఎక్కడ లేచిందన్నది ముఖ్యం. ఫోనుని నిలువుగా పట్టుకుంటే పైభాగంలో బోర్డూ కెమెరాలూ, అడుగున చార్జింగ్ పిన్నూ స్పీకరూ ఉంటాయి. చాలా ఫోన్లలో నడుమ జాగా అంతా బ్యాటరీదే. కాబట్టి బ్యాటరీ ఉబ్బితే ఫోను నడుములో లేస్తుంది. కిందటిసారి స్క్రీను మార్చినప్పుడు గమ్ సరిగ్గా పట్టక ఊడి ఉంటే, ఎక్కువగా ఒక మూల నుంచో, చార్జింగ్ పిన్ను వైపు నుంచో విడుతుంది, వెనక డొప్ప మాత్రం తిన్నగానే ఉంటుంది. ఈ తేడా తెలిస్తే ఫోటో చదవడం చాలావరకు వచ్చినట్టే. అయినా ఏది గమ్ము, ఏది ఉబ్బు అని అనుమానం మిగిలితే ఉబ్బు కిందే లెక్క వేసుకోవాలి. ఫోను విప్పి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక వాళ్లమ్మతోనే మాట్లాడాను. "అమ్మా, ఫోను రాత్రిపూట ఎక్కడ పెడతారు?"

"దిండు కిందనే పెడత బిడ్డా. చార్జింగ్ పెట్టి పండుకుంట. పొద్దుగాల మా పిలగాడు ఫోన్ చేస్తడు గదా, వినబడాలె."

చార్జరు ముందు గోడ దగ్గర స్విచ్ ఆపి, ఆ తర్వాత వైరు తీయమన్నాను. ఫోను ఆఫ్ చేసి, పరుపులకీ బట్టలకీ దూరంగా, వంటింటి బండ మీద ఖాళీగా పెట్టమన్నాను. లేచిన గాజుని వేలితో నొక్కి చూడొద్దని రెండుసార్లు చెప్పాను. మనిషన్నాక నొక్కి చూడాలనిపిస్తుంది. కొడుకు అడిగింది వేరే: "అన్నా, కొంచెం గమ్ వేసి అంటిస్తే ఆగదా?" ఆగదు. ఉబ్బిన బ్యాటరీ మీద గాజుని అదిమి గమ్ వేయడమంటే దాన్ని రోజంతా నొక్కి పెట్టడమే.

అసలు లోపల జరిగేదేంటి? ఫోను బ్యాటరీ నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అందులో గ్రాఫైట్ పూసిన సన్నటి రాగి రేకు ఒకటి, లిథియం పదార్థం పూసిన అల్యూమినియం రేకు ఒకటి. రెండూ ఒకదాన్నొకటి తాకకుండా మధ్యలో ప్లాస్టిక్ పొర. తల వెంట్రుక కంటే పల్చగా ఉంటుందది. ఈ మూడింటినీ కలిపి పొరలు పొరలుగా అమర్చి, మంటలంటుకునే స్వభావమున్న ద్రవంలో తడిపి, గాలి చొరబడని వెండిరంగు సంచీలో పెట్టి సీలు వేస్తారు. బ్యాటరీ పాతబడేకొద్దీ ఆ ద్రవం కొంచెం కొంచెంగా విరిగిపోయి వాయువులు పుడతాయి. బయటికి పోయే దారి లేదు కాబట్టి సంచీ పూరీలా పొంగుతుంది. ఏ బ్యాటరీ అయినా వయసుతో పాటు కాస్త లావెక్కుతుంది, కంపెనీవాళ్లు దానికి లోపల కొంచెం ఖాళీ వదులుతారు. గాజు లేచిందంటే ఆ ఖాళీ కూడా నిండిపోయిందని అర్థం.

ఈ విరిగిపోవడాన్ని రెండు విషయాలు తొందరపెడతాయి. ఒకటి వేడి, రెండోది ఎప్పుడూ నూటికి నూరు శాతం చార్జింగులో ఉండడం. ఆపిల్ కంపెనీ తన ఐఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని చెబుతుంది. మన దగ్గర మే నెలలో ఆ గీత దాటని మధ్యాహ్నం ఎక్కడుంది? ఆ ఎండలో బండి హ్యాండిలుకి ఫోను బిగించి, దారి చూసుకుంటూ, చార్జింగ్ కూడా పెట్టుకుని తిరిగే డెలివరీ కుర్రాళ్ల ఫోన్లు నా దగ్గరికి ఉబ్బి వస్తూనే ఉంటాయి. దిండు కింద రాత్రంతా చార్జింగులో ఉన్న ఫోనుకి కూడా ఈ రెండూ ఒకేసారి తగులుతాయి.

ఉబ్బిన బ్యాటరీ ఈ క్షణమే పేలుతుందని చెప్పి మిమ్మల్ని భయపెట్టను. నెలల తరబడి అలాగే ఉండిపోయినవి కూడా ఉన్నాయి. భయం వేరే చోట ఉంది. పొంగినప్పుడు లోపలి పొరలు వాటి చోటు నుంచి కదిలి ఉంటాయి. సంచీ బిగిసిపోయి, పక్కనున్న స్క్రూలకీ బోర్డు అంచులకీ ఒరుసుకుంటూ ఉంటుంది. అప్పుడు వెనక జేబులో పెట్టుకుని కూర్చున్నా, పిల్లవాడు తొక్కినా, ఎవరో స్క్రూడ్రైవరుతో పెకలించినా ఆ ప్లాస్టిక్ పొర చిరగొచ్చు. అది చిరిగితే రాగీ అల్యూమినియమూ కలుసుకుంటాయి, ఆ చోట వేడి పుడుతుంది, ఆ వేడికి పక్క పొర కరుగుతుంది, అక్కడ ఇంకా ఎక్కువ వేడి పుడుతుంది. ఒకసారి మొదలయ్యాక స్విచ్ ఆపినా అది ఆగదు. అందుకే పక్క నుంచి తీసిన ఫోటోలో ఉబ్బు కనబడితే ఇంకో వారం చూద్దామన్న మాట లేదు.

కొందరు సూదితో గుచ్చి గాలి తీసేస్తే సరిపోతుందనుకుంటారు. రోడ్డు పక్కన అలా చేసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. గుచ్చడమంటే పైన చెప్పిన పొరని మన చేతులారా చింపడమే. దాని జోలికి పోవద్దు, పోయేవాళ్లకి మీ ఫోను ఇవ్వొద్దు.

ఇప్పుడు మొదట్లో అన్న మాట దగ్గరికి వస్తాను. ఉబ్బు లేకపోతే ఫర్వాలేదా? 2016లో శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు చాలామందికి గుర్తుండే ఉంటాయి. కొత్త ఫోన్లు, మంటలంటుకున్నాయి. కంపెనీ అమ్మినవన్నీ వెనక్కి తీసుకుని, చివరికి ఆ మోడలునే ఆపేసింది. 2017 జనవరిలో కంపెనీ చెప్పిన కారణం ఏంటంటే, ఒక సరఫరాదారు చేసిన బ్యాటరీల్లో పైమూలన లోపలి రేకు వంగి ఉంది, ఇంకో సరఫరాదారు బ్యాటరీల్లో వెల్డింగు చేసిన చోట పొడుచుకొచ్చిన మొనలున్నాయి. పెట్టెలోంచి తీసిన కొత్త ఫోనుని ఎన్ని కోణాల్లో ఫోటో తీసినా ఆ లోపం కనబడేది కాదు.

కింద పడిన ఫోను విషయమూ అంతే. దెబ్బకి లోపలి పొర నలిగినా ఆ రోజు బయటికేమీ తెలియకపోవచ్చు, ఉబ్బు కొన్ని రోజులాగి రావచ్చు. అందుకే పగిలిన స్క్రీను ఫోటో వస్తే నేను గాజు కంటే ముందు ఫ్రేము చూస్తాను. గాజు ఎంత ముక్కలైనా ఫ్రేము తిన్నగా ఉంటే కొంత నయం. గాజుకి ఒక్క గీతే ఉన్నా, ఫ్రేము నడుములో వంగి ఉంటే ఆ వంపు బ్యాటరీని నొక్కుతోందని అర్థం. రెండో ఫోనునే నేను ముందు ఆపమంటాను. ఫోటో చెప్పలేని మూడు సంగతులు కూడా అడుగుతాను. ఊరికే పెట్టినా వెచ్చగా ఉంటోందా? నెయిల్ పాలిష్ తుడిచే మందులాగా తియ్యటి ఘాటు వాసన వస్తోందా? నలభై శాతం చూపిస్తూనే ఉన్నట్టుండి ఆఫ్ అయిపోతోందా? వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా, ఫోటోలో ఫోను ఎంత అందంగా ఉన్నా దాన్ని చార్జింగ్ పెట్టొద్దంటాను.

మిగతా పగుళ్ల సంగతి తొందరగా చెప్పేస్తాను, వాటిలో ప్రాణభయం లేదు. పగిలింది అసలు గాజా, పైన అంటించిన టెంపర్డ్ గ్లాసా అన్నది ముందు తేల్చుకోవాలి. టెంపర్డ్ గ్లాసు అసలు అంచు కంటే కొంచెం లోపలే ఆగుతుంది, గీత కూడా అక్కడే ఆగిపోతే అది యాభై వంద రూపాయల నష్టమే. అసలు గాజే పగిలినా, బొమ్మ బాగుండి, టచ్ పనిచేస్తూ, ఫ్రేము తిన్నగా ఉంటే, దాని మీద పారదర్శకమైన టేపు అంటించి కొన్నాళ్లు నడపొచ్చు. టేపు దేనికంటే, గాజు నలకలు వేలికీ చెంపకీ గుచ్చుకోకుండా. వానలో మాత్రం బయటికి తీయకండి. నీళ్లు పోవని పెట్టె మీద రాసి ఉన్నా, గాజు చీలాక ఆ మాటకి విలువ లేదు. స్క్రీను మీద సిరా ఒలికినట్టు నల్లమచ్చ ఉంటే డిస్‌ప్లే దెబ్బతిన్నట్టు. దానివల్ల ఒంటికి హాని లేదు గానీ మచ్చ పెరుగుతుంది, ఒకరోజు మొత్తం నల్లబడి పాస్‌వర్డు కొట్టే వీలు కూడా ఉండదు. ఫోటోలూ నంబర్లూ ఆ రోజే వేరే చోటికి మార్చుకోండి. షాపులో కాంబో వేయించుకుంటే, అంటే టచ్చూ డిస్‌ప్లే కలిపి మార్పిస్తే, ఫోను మళ్లీ మామూలుగా నడుస్తుంది.

ఉబ్బిన ఫోనులో ముఖ్యమైనవి ఉన్నాయని, అవి తీసుకోవడం కోసం ఒక్కసారి చార్జింగ్ పెడతామంటారు చాలామంది. అక్కర్లేదు. అవి ఉండేది బోర్డు మీద చిప్పులో. బ్యాటరీ తీసేసి వేరేది పెట్టినా ఎక్కడికీ పోవు. జగిత్యాల అమ్మ ఫోను విషయంలో అదే జరిగింది. ఆమె తమ్ముడు దాన్ని షాపుకి తెచ్చాడు. విప్పితే లోపల బ్యాటరీ నడుమ ఎత్తుగా పొంగి ఉంది. గాజు అతుకు వదలడానికి మామూలుగా మేం వేడిగాలి పెడతాం. ఆ రోజు పెట్టలేదు, ఉబ్బిన బ్యాటరీకి ఆ వేడి తగలకూడదు. అప్పటికే లేచిన అంచు నుంచి స్పిరిట్ చుక్కలు వదులుతూ నిదానంగా విప్పాం. బ్యాటరీ మార్చాం, పగిలిన గాజుకి కాంబో మార్చాం. కొడుకు ఫోటోలన్నీ అలాగే ఉన్నాయి. ఆమె చెప్పింది నిజమని దుబాయ్‌కి కబురు చేశాం.

ఒకవేళ పొగ మొదలైతే ఫోనుని చేత్తో పట్టుకోవద్దు. ఆ పొగలో ఊపిరితిత్తులకి హాని చేసే విషవాయువులుంటాయి, ముందు పిల్లల్ని బయటికి పంపండి. చార్జింగులో ఉంటే మెయిన్ ఆపండి. దగ్గరికి పోగలిగితే నీళ్లు ధారాళంగా పోయొచ్చు, ఫోనంత చిన్న బ్యాటరీని చల్లార్చడానికి నీళ్లే మంచి మందు. పోలేకపోతే తలుపు వేసి బయటికొచ్చి 101కి ఫోన్ చేయండి.

తీసేసిన బ్యాటరీని చెత్తబండిలో వేయకండి. ఆ బండిలో చెత్తని అదిమినప్పుడు అది అంటుకోవచ్చు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి తీసుకునే బాధ్యత వాటిని తయారుచేసి అమ్మే కంపెనీలది. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్లో ఇచ్చి రండి. ఉబ్బినదాన్ని కొరియర్లో పంపొద్దు, దెబ్బతిన్న లిథియం బ్యాటరీలను విమానంలో తీసుకుపోవడం నిషిద్ధం. బాగుచేయించడానికి తెచ్చేటప్పుడు ఫోను ఆఫ్ చేసి, మూతలేని స్టీలు గిన్నెలో పెట్టి, ఎండ తగలకుండా చేత్తో పట్టుకుని తీసుకురండి. జేబులో పెట్టుకోకండి, బండి సీటు కింద డిక్కీలో అసలే పెట్టకండి.